మెరీనాలో అంత ఇసుక ఎలా చేరింది, మా తిరువొత్తియూర్‌లో ఒడ్డు ఎలా పోయింది?

తండయార్‌పేట సురేఖ (ఆదివారం రాత్రి 9:10)

ఇవాళ మా పాపను మెరీనాకు తీసుకెళ్ళాను. రోడ్డు దగ్గర బస్సు దిగి నీళ్ళ దాకా నడిచేసరికే దానికి కాళ్ళు నొప్పులు పుట్టాయి, అంత ఇసుక. తిరిగొచ్చేటప్పుడు అడిగింది, "అమ్మమ్మ వాళ్ళ తిరువొత్తియూర్‌లో కూడా ఇదే సముద్రం కదా, అక్కడ ఇసుక ఎందుకు లేదు, అన్నీ నల్ల బండరాళ్ళే ఎందుకున్నాయి" అని. నాకు జవాబు తెలియలేదు. మా అమ్మ చిన్నప్పుడు అక్కడ వలలు ఆరబెట్టుకునేంత ఇసుక ఉండేదట, రెండు వీధులు దాటితే గానీ సముద్రం కనిపించేది కాదట. ఆ రెండు వీధుల్లో ఒకటి ఇప్పుడు లేదు. మధ్యలో దూరం చూస్తే పది పన్నెండు కిలోమీటర్లే. ఒకే సముద్రం ఒకచోట పెట్టి ఇంకోచోట ఎందుకు తీసేస్తోంది? తెలిసినవాళ్ళు పాపకు అర్థమయ్యేలా చెప్పండి.

అలల వెంట (ఆదివారం రాత్రి 9:35)

సురేఖ గారూ, ఇది సముద్రమట్టం పెరగడం వల్ల. ఉత్తర చెన్నై పల్లం, అందుకే అక్కడ మునుగుతోంది. ఇసుక కదలిక కూడా ఉంటుంది. అల ఒడ్డుకు ఏటవాలుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం నేరుగా వాలు వెంట దిగుతుంది. అలా ఇసుక రేణువు రంపం పళ్ళలా వంకరటింకరగా ఒడ్డు వెంబడి నడుస్తుంది. స్కూల్లో లాంగ్‌షోర్ డ్రిఫ్ట్ అని చదివాం కదా, అదే.

ఈసీఆర్ ఫ్లాట్ (ఆదివారం రాత్రి 9:52)

నేను నీలాంకరై దగ్గర ఫ్లాట్ చూస్తున్నాను, సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరం. ఈ చర్చ చూసి టెన్షన్ పట్టుకుంది. కొనవచ్చా లేదా? సునామీ వస్తే ఎన్నో అంతస్తు దాకా భయం లేదు?

ఒడ్డు మనిషి (ఆదివారం రాత్రి 11:20)

ఫ్లాట్ సంగతి చివర్లో చెప్తాను, సునామీ వేరే విషయం. ముందు పాప అడిగినదానికి.

సముద్రమట్టం పెరగడం నిజమే, కానీ అది మెరీనాకూ తిరువొత్తియూర్‌కూ ఒకేలా పెరుగుతుంది. ఒకచోట ఒడ్డు ముందుకొచ్చి పక్కనే వెనక్కి పోవడానికి అది కారణం కాలేదు. ఆ రెండు చోట్ల మధ్యలో ఏముందో చూడండి: హార్బర్. 1875లో అప్పటి వేల్స్ యువరాజు శంకుస్థాపన చేశాడు, ఆ తర్వాత సముద్రంలోకి రాతి కట్టలు వేసుకుంటూ పోయారు. అంతకుముందు మద్రాసుకు ఓడరేవే లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే మసూలా పడవల్లో మనుషులనూ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవాళ్ళు. అప్పుడు సముద్రం సెయింట్ జార్జ్ కోట గోడకు దగ్గర్లో ఉండేది. ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్న ఐస్‌హౌస్ ఉంది చూశారా, 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచు దాచడానికి కట్టారు, అప్పట్లో అది సముద్రపు ఒడ్డు కట్టడం. ఇప్పుడు దాని ముందు నిలబడితే సముద్రం ఎంత దూరమో చూసి రండి.

కాబట్టి మీరు ఇవాళ నడిచిన ఇసుకలో ఎక్కువ భాగం హార్బర్ కట్టాక చేరినదే. గ్రాంట్ డఫ్ గవర్నరుగా ఉన్నప్పుడు 1884లో ప్రొమెనేడ్ వేసి మెరీనా అని పేరు పెట్టాడు. అప్పటికే దక్షిణం వైపు ఇసుక చేరడం మొదలైంది.

ఇక ఎలా అన్నది. మన తీరం దాదాపు ఉత్తర దక్షిణంగా ఉంటుంది. మార్చి నుంచి అక్టోబర్ దాకా పెద్ద అలలు దక్షిణ ఆగ్నేయం వైపు నుంచి వస్తాయి, అంటే ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి. అందుకని ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు అలలు, అప్పుడు దక్షిణానికి. మొదటి కాలం పొడవు కాబట్టి ఏడాది చివరికి మిగిలేది ఉత్తరం వైపు నడక. ఆ నడకకు హార్బర్ గోడ అడ్డం పడింది. దక్షిణం వైపు ఇసుక ఆగిపోయి మేట వేసింది. ఉత్తరం వైపు మాత్రం అలలు ఇసుకను ముందులాగే తీసుకెళ్తూనే ఉన్నాయి, కానీ పోయినదాని స్థానంలో కొత్తది రావడం లేదు. పాపకు ఇలా చెప్పండి: బస్సు ఆగే చోట ఎక్కేవాళ్ళను ఆపేసి దిగేవాళ్ళను మాత్రం దిగనిస్తూ పోతే కాసేపటికి బస్సు ఖాళీ అవుతుంది. రాయపురం, కాశిమేడు, తిరువొత్తియూర్ అలా ఖాళీ అయిన బస్సు.

అలల వెంట (సోమవారం ఉదయం 7:05)

సరే, హార్బర్ సంగతి ఒప్పుకుంటాను, మట్టం గురించి తొందరపడ్డాను. కానీ రంపం పళ్ళ నడక నేను చెప్పిందే కదా?

ఒడ్డు మనిషి (సోమవారం ఉదయం 8:15)

అది కంటికి కనిపించే భాగం, తప్పు కాదు. కాళ్ళు తడిసే చోట ఇసుక అలాగే నడుస్తుంది. కానీ ఇసుకను అసలు మోసుకెళ్ళడం దానికి కాస్త అవతల జరుగుతుంది. అల విరిగే గీతకూ ఒడ్డుకూ మధ్య తెల్లగా నురగలు కక్కే పట్టీ ఉంటుంది చూడండి, అక్కడ అల విరిగినప్పుడు ఇసుక పైకి లేచి నీళ్ళలో తేలుతుంది. ఏటవాలుగా విరిగిన అల నీటిని ఒడ్డు వెంబడి నెడుతుంది, దాంతో ఆ పట్టీలోనే ఒడ్డుకు సమాంతరంగా ఒక ప్రవాహం పుడుతుంది. అల ఇసుకను లేపుతుంది, ప్రవాహం మోసుకెళ్తుంది. ఇది లోపలి సముద్రపు ప్రవాహం కాదు, విరిగిన అల పుట్టించినది. అందుకే అల పెద్దదైన రోజు ఒక్కరోజులో నెల పని చేస్తుంది. అల ఒడ్డుకు తిన్నగా వస్తే ఎంత పెద్దదైనా ఇసుక పక్కకు పెద్దగా కదలదు, కోణం కావాలి.

మీరే చూడాలంటే ఒక బత్తాయినో, కొబ్బరి పీచు ముక్కనో ఆ నురగ పట్టీలోకి విసిరి, ఒడ్డున నిలబడి టైము చూసుకుంటూ దాంతోపాటు నడవండి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు. మన బీచ్‌లలో లోపలికి లాగే నీరు ఎంతమందిని తీసుకుపోయిందో అందరికీ తెలుసు.

విశాఖ వాణి (సోమవారం ఉదయం 10:40)

నేను ఇప్పుడు వేళచ్చేరిలో ఉంటున్నాను కానీ పుట్టి పెరిగింది విశాఖలో. మా డాల్ఫిన్స్ నోస్ చూసి పెరిగినదాన్ని కాబట్టి అడుగుతున్నాను, ఈ ఇసుక అంతా అసలు ఎక్కడిది? కొండలను సముద్రం నమిలి చేసినదేనా? చెన్నైలో కొండ అంచులే లేవు కదా.

ఒడ్డు మనిషి (సోమవారం మధ్యాహ్నం 1:30)

వాణి గారూ, మంచి ప్రశ్న. చెన్నై ఇసుకలో ఎక్కువ భాగం నదులది. దక్షిణాన పాలార్ లాంటి నదులు వరదల్లో తెచ్చి సముద్రంలో పోసినది అలల చేతికి చిక్కి ఉత్తరానికి వస్తుంది. నదుల మీద ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు పెరిగాక ఆ రాబడి కూడా తగ్గింది, అది ఇంకో దెబ్బ.

మీ విశాఖలో రాతి కోత నడుస్తుంది, కానీ అది నమలడంలా ఉండదు. కొండ మొత్తాన్ని అల అరగదీయదు, పాదాన్ని మాత్రమే తొలుస్తుంది. మీ కొండలు ఖొండలైట్ రాయి, అందులో కొన్ని ఖనిజాలు వానకూ ఎండకూ మెత్తబడి మట్టిలా మారతాయి, పగుళ్ళూ ఎక్కువ. అల వచ్చి పగులులో కొట్టినప్పుడు లోపలున్న గాలి నొక్కుకుపోతుంది, అల వెనక్కి పోగానే ఆ గాలి ఒక్కసారిగా వదులుతుంది. వేల సార్లు అలా జరిగితే రాయి వదులవుతుంది. ఊడిన ముక్కలనే అల మళ్ళీ పాదానికి విసిరి కొడుతుంది. అలా కింద గుంట లోతయ్యాక పైనున్న రాయికి ఆధారం పోయి ఒక వానాకాలంలో విరిగి పడుతుంది. పడిన బండలు కొన్నేళ్ళు పాదానికి అడ్డుగా ఉండి కాపాడతాయి, అవి అరిగి కొట్టుకుపోయాక మళ్ళీ తొలచడం మొదలు. కాబట్టి కొండ అంచు ఏడాదికింత అని సమంగా వెనక్కి జరగదు, చాలా కాలం ఏమీ కాదు, తర్వాత ఒక్క రోజులో పెద్ద ముక్క పోతుంది.

ముక్కులా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ దగ్గర లోతు తక్కువయ్యేసరికి అలలు వంగి రెండు పక్కల నుంచీ దాని మీదే పడతాయి. పక్కనున్న వంపుల్లో మాత్రం పలచబడతాయి. అందుకే ముక్కు దగ్గర రాళ్ళు, వంపులో ఇసుక.

పులికాట్ అబ్బాయి (సోమవారం సాయంత్రం 6:25)

మాది పులికాట్ దగ్గర తెలుగు పల్లె, నాన్న, తాతలు వేట. నేను అంబత్తూరులో పని చేస్తున్నాను. సార్ చెప్పింది మాకు వేరే మాటల్లో తెలుసు. ఎండాకాలం దక్షిణపు గాలి పట్టిందంటే సరస్సు మొగ దగ్గర దక్షిణపు ఒడ్డు నుంచి ఇసుక నాలుకలా ఉత్తరానికి సాగుతుంది. వారం వారం పొడుగవుతుంది. మొగ సన్నబడి సన్నబడి కొన్నేళ్ళు పూర్తిగా మూసుకుపోతుంది. మూసుకుంటే రొయ్య పిల్ల సముద్రం నుంచి లోపలికి రాదు, నీళ్ళు ఎండకు ఇగిరి ఉప్పు ఎక్కువవుతుంది, వేట పోతుంది. అప్పుడు ఊళ్ళో వాళ్ళందరం కలిసి తవ్వేవాళ్ళం. కార్తీకంలో వానలు పడి సరస్సు నిండితే అదే తోసుకుని తెంచుకుంటుంది. కానీ తెగేది ప్రతిసారీ ముందున్న చోటనే కాదు. మా నాన్న చిన్నప్పుడు మొగ ఉన్న చోటు, ఇప్పుడున్న చోటు వేరు.

ఒడ్డు మనిషి (సోమవారం రాత్రి 8:50)

తమ్ముడూ, నువ్వు చెప్పిన నాలుకే స్పిట్. అది అవతలి ఒడ్డును తాకి మొగను మూసేస్తే బార్. ఒడ్డు వెంబడి వచ్చిన ఇసుకకు ఒడ్డు అకస్మాత్తుగా లోపలికి తిరిగిపోయింది అనుకో, ప్రవాహానికి వేగం తగ్గి ఇసుక అక్కడే దిగిపోతుంది, దాని మీదుగా తర్వాతది ఇంకాస్త ముందుకు. అలా ఒడ్డు లేని చోట ఒడ్డు పుడుతుంది. మొగ తెరిచి ఉండాలంటే నది నీరు, పోటుపాట్ల నీరు కలిసి ఆ ఇసుకను కడిగి పారేయగలగాలి. అడయార్, కూవం రెండింట్లోనూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ బలం లేదు, అందుకే మొగలు పూడిపోయి యంత్రాలతో తవ్వాల్సి వస్తుంది. కూవం అయితే సరిగ్గా హార్బర్‌కు దక్షిణాన, ఇసుక మేట వేసే చోటే సముద్రంలో కలుస్తుంది.

పెద్ద స్పిట్ చూడాలంటే కాకినాడ హోప్ ఐలాండ్. పేరుకు దీవి గానీ గోదావరి ఇసుక ఉత్తరానికి సాగి ఏర్పడిన నాలుక, పదిహేను కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాని చాటునే కాకినాడ రేవు నీళ్ళు అంత ప్రశాంతం. ఆ చాటు అయిపోయిన తర్వాత వచ్చే ఊరు ఉప్పాడ, అక్కడి కోత గురించి మీరంతా వార్తల్లో చూసే ఉంటారు.

అలల వెంట (సోమవారం రాత్రి 10:30)

సార్, నేను ఒక లెక్క వేశాను, కుదరడం లేదు. ఏడాదికి ఎన్నో లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికి పోతుందంటారు కదా. సుమారుగా 3 లక్షలు అనుకున్నాను. మెరీనాలో 3 కిలోమీటర్ల పొడవున అది పరుచుకుంటే ఒడ్డు ఏడాదికి ఎంత ముందుకు రావాలి? నీళ్ళ కింద కూడా ఇసుక నిండాలి కాబట్టి పై నుంచి అడుగు దాకా 8 మీటర్ల మందం తీసుకున్నాను. ఒడ్డు ఒక్క మీటరు ముందుకు రావడానికి 3000 ఇంటు 8, అంటే 24,000 ఘనపు మీటర్లు. 3 లక్షలను దాంతో భాగిస్తే ఏడాదికి 12 మీటర్లు దాటింది. 1875 నుంచి ఇప్పటికి కిలోమీటరున్నర పైన రావాలి. మెరీనా అంత వెడల్పు లేదు, 300, 400 మీటర్లు ఉంటుందేమో. ఎక్కడ తప్పు?

ఒడ్డు మనిషి (మంగళవారం ఉదయం 6:40)

లెక్కలో తప్పు లేదు, ఇంత శ్రద్ధగా చేసినందుకు సంతోషం. మొదటి ఏళ్ళలో వేగం అలాగే ఉండి ఉంటుంది. తర్వాత మూడు సంగతులు జరుగుతాయి.

గోడ పక్కన ఒడ్డు ముందుకొచ్చేకొద్దీ తీరపు గీత తిరుగుతుంది, గోడ వైపు ముందుకు, దూరంగా వెనక్కి. అంటే ఒడ్డు వచ్చే అలకు ఎదురుగా నిలబడటం మొదలుపెడుతుంది. కోణం తగ్గితే ఇసుక కదలిక తగ్గుతుందని ముందే అనుకున్నాం. కాబట్టి హార్బర్ దాకా వచ్చే ఇసుకే తగ్గుతుంది. ఇక రెండు, అలా ముందే ఆగిపోయిన ఇసుక ఇంకా దక్షిణాన దిగుతుంది, మీరు తీసుకున్న 3 కిలోమీటర్లలోనే కాకుండా మైలాపూర్, ఫోర్‌షోర్ ఎస్టేట్ దాకా పరుచుకుంటుంది. మూడోది, గోడ చివర దాకా నిండాక మిగిలినది గోడను చుట్టి పోతుంది. హార్బర్ వాళ్ళకు ఇది పెద్ద తలనొప్పి అయింది. మొదట ఓడలు వచ్చే దారి తూర్పుకు తెరిచి ఉండేది, అది పూడిపోతూ ఉంటే 20వ శతాబ్దం మొదట్లో దాన్ని మూసి ఈశాన్యం వైపు తెరిచారు, బయటి గోడను పొడిగించారు. పోర్టు ఆ పని తన ఛైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ కాలంలో చేసింది.

ఇంకో మాట, 3 లక్షలు అన్నది ఒక అంచనా. ఒక్కో పరిశోధన ఒక్కో సంఖ్య చెబుతుంది. ఉత్తరానికి పోయినదీ దక్షిణానికి తిరిగొచ్చినదీ రెండూ పెద్ద సంఖ్యలు, మనకు కావలసింది వాటి తేడా, ఒకదానిలో కాస్త పొరపాటైనా తేడా చాలా మారిపోతుంది.

తండయార్‌పేట సురేఖ (మంగళవారం మధ్యాహ్నం 2:15)

అందరికీ చాలా థాంక్స్. బస్సు సంగతి పాపకు బాగా ఎక్కింది. కానీ నాకు మనసులో బాధగా ఉంది. మా అమ్మ వీధి పోయింది మెరీనా కోసమా అనిపిస్తోంది. ఇప్పుడు అక్కడ రాళ్ళ గోడ వేశారు, సముద్రంలోకి చిన్న చిన్న కట్టలు కూడా వేశారు. వాటితో ఇసుక తిరిగి వస్తుందా? డిసెంబర్‌లో మాత్రం మెరీనా కూడా కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, మళ్ళీ వేసవికి వచ్చేస్తుంది. మాకు అలా ఎందుకు తిరిగి రాదు?

ఒడ్డు మనిషి (మంగళవారం రాత్రి 9:05)

సురేఖ గారూ, డిసెంబర్‌లో మీరు చూసేది వేరే రకం కదలిక. తుఫాను అలలు ఒడ్డు మీది ఇసుకను లాగి కాస్త లోపల నీళ్ళ కింద దిబ్బగా పెడతాయి, వేసవి చిన్న అలలు దాన్నే నెమ్మదిగా వెనక్కి తోస్తాయి. ఆ ఇసుక ఊరు దాటి పోలేదు కాబట్టి తిరిగొస్తుంది. మీ తిరువొత్తియూర్ ఇసుక ఒడ్డు వెంబడి ఉత్తరానికి వెళ్ళిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చే అల లేదు. రెండింటికీ తేడా తెలియాలంటే ఒకే నెలలో, అంటే ప్రతి మార్చిలోనో ప్రతి సెప్టెంబర్‌లోనో తీసిన ఫొటోలు ఏళ్ళ తరబడి పోల్చాలి. డిసెంబర్ ఫొటోను మే ఫొటోతో పోల్చి కోత అని భయపడేవాళ్ళు చాలామంది.

రాళ్ళ గోడ ఇళ్ళను కాపాడుతుంది, బీచ్‌ను కాదు. అల గోడను కొట్టి తిరిగి వచ్చేటప్పుడు గోడ పాదం దగ్గర ఇసుకను ఇంకా లాగేస్తుంది. గోడ ఆగిపోయిన చోట, దానికి ఉత్తరాన ఉన్న ఊరికి కోత మొదలవుతుంది. కట్టలు, అంటే గ్రోయిన్లు, వాటి మధ్య కాస్త ఇసుక పట్టుకుంటాయి. కానీ పట్టుకోవడానికి ముందు ఇసుక వస్తూ ఉండాలి కదా. ప్రతి కట్టకూ దక్షిణాన మేట, ఉత్తరాన గుంట ఉంటుంది, చివరి కట్ట తర్వాతి ఊరు నష్టపోతుంది. కట్ట పక్కన నిలబడి ఏ వైపు ఇసుక ఎత్తుగా ఉందో చూస్తే చాలు, ఇసుక ఎటు నడుస్తుందో పరికరాలు లేకుండానే తెలిసిపోతుంది.

నా అభిప్రాయంలో సరైన పని హార్బర్‌కు దక్షిణాన ఆగిన ఇసుకను తవ్వి ఉత్తరాన పోయడం, ప్రతి ఏడూ.

విశాఖ వాణి (మంగళవారం రాత్రి 9:40)

మా దగ్గర అలాగే చేస్తారు. పోర్టు దగ్గర ఇసుక ఆగే గుంటలోంచి తవ్వి ఆర్కే బీచ్ వైపు పైపుల్లో పోస్తారు. చిన్నప్పుడు నల్లటి నీళ్ళు ఒడ్డున పడటం చూసేదాన్ని. అయినా ఆర్కే బీచ్‌లో గోడలు కూలిన రోజులూ చూశాం, పోసింది ఎక్కువ కాలం నిలవదు.

పులికాట్ అబ్బాయి (మంగళవారం రాత్రి 10:10)

సార్, మెరీనా ఇసుక తీయడానికి ఎవరు ఒప్పుకుంటారు? అక్కడి పల్లెకారుల పడవలు, వలలు ఆ ఇసుక మీదే. వాళ్ళ బతుకు తీసి మా బతుకు నిలబెడతామంటే మాకూ ఇష్టం లేదు. పైగా ఎన్నూరులో, కాట్టుపల్లిలో ఇంకా రెండు పోర్టులు వచ్చాయి. ఇప్పుడు హార్బర్ దగ్గర దాటించినా, ఆ ఇసుక అక్కడ మళ్ళీ ఆగదా? మా పులికాట్ దాకా వస్తుందని నమ్మకం ఏంటి?

ఒడ్డు మనిషి (బుధవారం ఉదయం 7:20)

నీ ప్రశ్న న్యాయమైనది. ప్రతి పోర్టు దగ్గరా విడిగా దాటించాలి. ఒక్కచోట చేసి సరిపెట్టుకుంటే కోత అక్కడి నుంచి లేచి ఉత్తరానికి జరుగుతుంది, పోదు. కాట్టుపల్లికి ఉత్తరాన సముద్రానికీ లోపలి నీళ్ళకూ మధ్య నేల సన్నగా ఉన్న చోట్లు నాకూ భయమే. మెరీనాలో పైన కనిపించే ఇసుక ముట్టుకోకుండా గోడ పక్కన నీళ్ళ కింద చేరేది మాత్రమే తీస్తే పడవలకు ఇబ్బంది ఉండదని నేను అనుకుంటున్నాను. కానీ తీసిన గుంటలోకి పక్కనున్న ఇసుక జారదా అంటే కొంత జారుతుంది. ఎంత అన్నది కొలిచి చూస్తూ చేయాల్సిందే.

ఈసీఆర్ ఫ్లాట్ గారూ, మీకు: పాత శాటిలైట్ చిత్రాలు వెనక్కి తిప్పి చూసే సదుపాయం గూగుల్ ఎర్త్‌లో ఉంది. మీ వీధి చివర ఒడ్డు గీతను ఒకే నెల చిత్రాల్లో పది పదిహేనేళ్ళు పోల్చండి. దానికి దక్షిణాన కొత్తగా ఏ కట్టా, ఏ గోడా వచ్చిందో చూడండి. కోత కబురు మీకు దక్షిణం నుంచే వస్తుంది.

ఈసీఆర్ ఫ్లాట్ (బుధవారం ఉదయం 9:00)

చూశాను సార్. మా వీధి దగ్గర పెద్దగా మారలేదు, కానీ ఒక చిత్రం జూలైది, ఒకటి డిసెంబర్‌ది, మీరు చెప్పాక మళ్ళీ మొదటి నుంచి చూస్తున్నాను. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

తండయార్‌పేట సురేఖ (శనివారం సాయంత్రం 7:45)

ఇవాళ తిరువాన్మియూర్ బీచ్‌కు వెళ్ళి పాపతో కొబ్బరి పీచు విసిరించాను, మేము ఒడ్డునే ఉన్నాం. మొదటి రెండుసార్లు వెంటనే ఒడ్డుకు కొట్టుకొచ్చేసింది. మూడోసారి నురగలో నిలిచింది. 4 నిమిషాల్లో ఉత్తరం వైపు నా అడుగులు 60 పడ్డాయి. పాప నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఒడ్డు మనిషి (శనివారం రాత్రి 8:30)

అడుగుకు 70 సెంటీమీటర్లు అనుకుంటే 42 మీటర్లు, 240 సెకన్లు. సెకనుకు 17, 18 సెంటీమీటర్లు. అలలు చిన్నవైన రోజుకు సరిగ్గానే ఉంది. పీచు పైపైన తేలుతుంది కాబట్టి గాలి కూడా కాస్త నెట్టి ఉంటుంది, బత్తాయి అయితే నీళ్ళలో ఎక్కువగా మునిగి ఉంటుంది, ఈసారి అది ప్రయత్నించండి. ఒక్క రోజు కొలతతో ఏడాది సంగతి చెప్పలేం.

పులికాట్ అబ్బాయి (శనివారం రాత్రి 9:15)

అక్కా, ధనుర్మాసంలో అదే చోట మళ్ళీ విసరమను. దక్షిణానికి పోతుంది, చూడు.

తండయార్‌పేట సురేఖ (శనివారం రాత్రి 9:40)

డిసెంబర్ చివర్లో స్కూలు సెలవులు ఉంటాయి, అప్పుడు తీసుకెళ్తాను తమ్ముడూ. అమ్మమ్మ ఇంటి దగ్గర కట్ట పక్కన ఏ వైపు ఇసుక ఎత్తుగా ఉందో రేపు చూసి ఫొటో పెడతాను.